చాప్టర్ కమిటీలో చేస్తే పెద్దవాళ్లతో పరిచయాలవుతాయా?

ప్రాజెక్ట్ లీడ్, మాదాపూర్: ప్రాజెక్ట్ మేనేజర్ల సంఘం పీఎంఐ హైదరాబాద్ చాప్టర్ (పెర్ల్ సిటీ)లో చేరి కమిటీలో వాలంటీరుగా చేస్తే డెలివరీ హెడ్ స్థాయివాళ్లతో పరిచయాలవుతాయంటున్నారు. నిజమేనా, శనివారాలు వృథానా?

కూకట్‌పల్లి: వృథానే బ్రో. హాల్లో సగంమంది పీఎంపీ సర్టిఫికెట్ రెన్యువల్‌కి కావాల్సిన పీడీయూ పాయింట్ల కోసం వచ్చినవాళ్లే, మిగతావాళ్లు పీఎంపీ కోచింగ్ అమ్ముకునేవాళ్లు. హెడ్లు మాట్లాడేసి కారెక్కి వెళ్లిపోతారు.

పాత వాలంటీర్: హాలు సంగతి నిజమేనండి. కానీ పరిచయం స్పీకర్ మాట విన్నవాళ్లకు కాదు, ఆయన్ని పిలిచినవాళ్లకు అవుతుంది. అందుకే ఏ కమిటీ అన్నదే అసలు విషయం. పోస్టర్ల టీములో వేస్తే స్పీకర్ ఫొటో అతికించడమే మీ పని, ఆయన గొంతు కూడా వినపడదు. ప్రోగ్రామ్ కమిటీ అడగండి.

మా దగ్గర ఒకమ్మాయి చేసింది చెప్తా. స్పీకరుగా ఒప్పుకున్న పెద్దాయన "లీడర్‌షిప్" అని టాపిక్ పంపారు. ఈమె వారం ముందు ఫోన్ చేసి, "సార్, వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొత్త మేనేజర్లు. మీ ప్రాజెక్టుల్లో గడువు దాటిపోయినదాని గురించి చెప్తారా?" అని అడిగింది. ఆయన స్లైడ్లు మార్చుకున్నారు. ఆ రోజు టైం చాలక ప్రశ్నలు మిగిలిపోయాయి. సోమవారం వాటిని రాసి పంపితే జవాబులు రాశారు, ఈమె వాటిని అడిగినవాళ్లకు చేర్చింది. తర్వాత వేరే స్పీకర్ కావాల్సి వస్తే పేర్లు ఆయనే చెప్పారు. రెజ్యూమె మాత్రం పంపలేదు. మొదటి కార్యక్రమానికే పంపి ఉంటే ఆ దారి అక్కడే మూసుకుపోయేది.

ఉప్పల్: నాకు పీఎంపీ రెన్యువల్ ఉంది. వాలంటీరుగా చేస్తే 60 పీడీయూలూ వచ్చేస్తాయా?

పాత వాలంటీర్: రావండి. మూడేళ్లకు కావాల్సిన 60లో "గివింగ్ బ్యాక్" కింద 25కు మించి లెక్కలోకి రావు. కనీసం 35 చదువు కిందే రావాలి. అయినా ఇక్కడి ప్రశ్న అది కాదు.

టెస్ట్ మేనేజర్, ఇద్దరు పిల్లల తల్లి: ఆ అమ్మాయికి సాయంత్రాలు ఖాళీ ఉండి ఉంటాయి. కమిటీ కాల్స్ రాత్రి తొమ్మిదికి పెడితే నాలాంటివాళ్ల గతేంటి? పైగా స్పీకర్లను పిలిచే పని పాతవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. కొత్తవాళ్లకు రిజిస్ట్రేషన్ బల్లే.

పాత వాలంటీర్: బల్ల మాట నిజమేనమ్మా, మొదట్లో దాదాపు అందరికీ అదే. నేను ఒకటి రెండు కార్యక్రమాలు చూసి, "వచ్చే నెల స్పీకర్‌తో ఫాలో అప్ నేను చేస్తా" అని అడగమంటాను. అప్పటికీ ఇవ్వకపోతే ఆ కమిటీలో ఉండి లాభం లేదు. కాల్స్ టైం గురించి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు.

కూకట్‌పల్లి: అంత శ్రమ మా ఆఫీసులోనే పడితే మా హెడ్డే గుర్తుపెట్టుకుంటాడుగా?

ప్రాజెక్ట్ లీడ్: మా హెడ్‌కి నేను ఇప్పటికే తెలుసు. నాకు కావాల్సింది బయటివాళ్లు. ప్రోగ్రామ్ టీముకే రాస్తా. తొమ్మిది గంటల కాల్స్ ఉన్నాయో లేదో ముందే అడుగుతా.