బడిలో లెక్కలంటే భయపడ్డవాళ్ళు ఏ పజిల్ పుస్తకంతో మొదలుపెట్టాలి?

వంటింటి_కిటికీ: బోర్డు దగ్గరికి పిలుస్తారన్న టెన్షన్‌తో లెక్కల పీరియడ్ అంటేనే నాకు కడుపులో తిప్పేది. ఇప్పుడు సరదాగా మొదలుపెడదామనుంది. పెరెల్మాన్ ‘మ్యాథమేటిక్స్ కెన్ బి ఫన్’ కొననా, శకుంతలాదేవి ‘పజిల్స్ టు పజిల్ యు’ కొననా? రాకపోతే జవాబు ఎంతసేపటికి చూడొచ్చు?

గెలుపు_బాట: రెండూ వద్దండీ. బ్యాంకు పరీక్షల పుస్తకం తీసుకుని లెక్కకి నిమిషం పెట్టుకోండి. మా తమ్ముడు అలాగే ఉద్యోగం కొట్టాడు.

రాత్రి_షిఫ్ట్: ఆవిడ ఉద్యోగం అడిగిందా? మమ్మల్ని పాడుచేసిందే ఆ గడియారం! ఎక్కం తడబడితే బెంచీ ఎక్కించేవారు మా సారు. ఇప్పటికీ బిల్లు కూడాలంటే చెమటలు పడతాయి.

పాత_మాస్టారు: పెరెల్మాన్ తీసుకోమ్మా. అందులో రెండు పుస్తకాలు కలిపి వేశారు. మొదటి భాగంతో మొదలుపెట్టు. రెండోదంతా ఆల్జీబ్రా, దాన్ని ఇప్పుడే ముట్టుకోకు. పెన్ను పట్టకుండా తేలే పాత లెక్క ఒకటి చెబుతా. ఒక గ్లాసులో 100 మి.లీ. పాలు, ఇంకోదాంట్లో 100 మి.లీ. డికాక్షన్. 10 మి.లీ. చెంచాతో పాలు తీసి డికాక్షన్‌లో పోసి కలుపు. అదే చెంచాతో ఆ మిశ్రమం తీసి పాలలో పోయి. పాలలో డికాక్షన్ ఎక్కువా, డికాక్షన్‌లో పాలు ఎక్కువా?

గెలుపు_బాట: డికాక్షన్‌లో పాలే ఎక్కువ. మొదటి చెంచా అచ్చంగా పాలు కదా.

గోదారి_గట్టు: రెండూ సమానం. కానీ బాగా కలిపితేనే.

పాత_మాస్టారు: కలపకపోయినా సమానమే! వెనక్కి వచ్చిన చెంచాలో 3 పాలు, 7 డికాక్షన్ అనుకో. వెళ్ళిన 10లో 3 తిరిగొచ్చాయి కాబట్టి అక్కడ 7 పాలు మిగిలాయి. ఇక్కడికి చేరిన డికాక్షనూ 7. చివరికి గ్లాసుల్లో మళ్ళీ వందేసి ఉన్నాయా లేదా, అదొక్కటే చూడాలి.

గోదారి_గట్టు: ఆ 3, 7 మీరు సొంతంగా వేసుకున్నవి. నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ అండీ. బాగా కలిపితే 9.09 వస్తుంది.

పాత_మాస్టారు: రానీ. రెండువైపులా అదే 9.09. డిగ్రీ ఇక్కడెందుకు?

వంటింటి_కిటికీ: పేకముక్కలతో చేసి చూశా. ఎర్రవి పది, నల్లవి పది. మూడు ఎర్రవి నల్లవాటిలో వేసి, చూడకుండా మూడు వెనక్కి తీశా. ఎన్నిసార్లు చేసినా ఇటున్న నల్లవీ అటున్న ఎర్రవీ సమానమే. నాలుగు తీస్తే మాత్రం తేడా వచ్చింది. ఎందుకో నాకే తెలిసింది!

ల్యాబ్_కోటు: నీళ్ళూ ఆల్కహాలూ అయితే మీ లెక్క చెల్లదు మాస్టారూ. కలిస్తే మొత్తం పరిమాణం తగ్గుతుంది.

పాత_మాస్టారు: నేను చెప్పింది కాఫీ.

రాత్రి_షిఫ్ట్: జవాబు ఎప్పుడు చూడాలో ఎవరూ చెప్పలేదు. నేనైతే వెంటనే చూస్తా, మర్నాడు పుస్తకం మూసి మళ్ళీ చేస్తా.

గోదారి_గట్టు: వెంటనే చూస్తే ఇక పజిల్ ఎందుకండీ?