కొత్త ఉద్యోగం గురించి లింక్డ్‌ఇన్ పోస్టు: పాత ఆఫీసువాళ్లూ చదువుతారు, ఎలా రాయాలి?

సాహితి_వైజాగ్
హైదరాబాద్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో నాలుగేళ్లు టెస్టింగ్ చేశాను. గత సోమవారం చెల్లింపుల యాప్ తయారుచేసే మరో సంస్థలో చేరాను. లింక్డ్‌ఇన్‌లో పెట్టడానికి ఒక పోస్టు రాసి మా చెల్లికి చూపిస్తే, గొప్పలు చెప్పుకున్నట్టు ఉందని, పైగా పాత ఆఫీసును తిట్టినట్టు ఉందని అంది. నేనైతే ఎక్కడా తిట్టలేదు. అక్కడి నుంచి మర్యాదగానే బయటికి వచ్చాను. పోస్టు ఇంగ్లీషులో ఉంటుంది, భావం ఇది:

"ఎట్టకేలకు నా ప్రతిభకు తగిన చోటు దొరికింది! నాలుగేళ్ల సర్వీసెస్ జీవితానికి వీడ్కోలు. ఐదు రౌండ్ల ఇంటర్వ్యూలు దాటి, వందల మందిలో ఒకరిగా ఎంపికై, ప్రపంచస్థాయి సంస్థలో సీనియర్ టెస్ట్ ఇంజనీర్‌గా చేరినందుకు వినమ్రంగా తలవంచుతున్నాను. ఇక అసలైన పని నేర్చుకునే ప్రయాణం మొదలు. నన్ను నమ్మిన అందరికీ కృతజ్ఞతలు."

తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

శేషు_బెజవాడ
అసలు పెట్టడం ఎందుకండీ? ప్రొఫైల్‌లో ఉద్యోగం మార్చేస్తే చాలు. చూడవలసినవాళ్లు చూస్తారు. కొత్త పెళ్లి శుభలేఖలో పాత సంబంధం ఎందుకు తప్పిపోయిందో రాసుకున్నట్టు ఉంటాయి ఈ పోస్టులన్నీ.

చంద్రిక_ఎన్
నా సలహా ఒక్కటే. పాత కంపెనీ ఊసే ఎత్తకండి. ఎత్తితే కదా తిట్టినట్టో పొగిడినట్టో అనిపించేది. కొత్త సంస్థ పేరు, హోదా, చేరిన తేదీ రాసి ఆపేయండి. నేను రెండుసార్లు అలాగే చేశాను, ఎవరూ నొచ్చుకోలేదు.

నియామకాల_మూర్తి
చాలా ఏళ్లుగా ఐటీ నియామకాల్లో ఉన్నాను. ఇలాంటి పోస్టులు రోజూ కళ్లబడతాయి. చంద్రిక గారి సలహా చేదుగా విడిపోయినవాళ్లకు బాగా పనికొస్తుంది. సాహితి గారి సంగతి వేరు. నాలుగేళ్లు కలిసి పనిచేసిన జట్టంతా ఆమె కాంటాక్టుల్లోనే ఉంటుంది. వాళ్ల గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే, నొచ్చుకున్నవాళ్లు ఆ మాట పైకి చెప్పరు. ఊరికే ఒక లైకు కొట్టి ఊరుకుంటారు.

ఇక మీ పోస్టు. మీరు తిట్టలేదన్నది నిజమే, కానీ మూడు మాటలు మీ తరఫున తిట్టాయి. "ఎట్టకేలకు" అనగానే అప్పటిదాకా పడినది శిక్ష అని అర్థం వస్తుంది. "తగిన చోటు" అంటే పాతది తగనిది. "అసలైన పని" అంటే నాలుగేళ్లూ చేసింది నకిలీ పని. ఈ మూడూ పోలిక మాటలు. కొత్తదాన్ని మెచ్చుకోవడానికి పాతదాన్ని పక్కన నిలబెట్టి కొలిచే మాట ఏది కనబడినా తీసేయండి. "విషపూరిత వాతావరణం" లాంటి పెద్ద మాటలు ఎవరైనా జాగ్రత్తపడి వదిలేస్తారు. దొరికిపోయేది ఈ చిన్నవాటితోనే.

గొప్పల విషయంలోనూ ఇంతే. "సీనియర్ టెస్ట్ ఇంజనీర్" అని రాసుకోవడం గొప్ప కాదు, అది మీ హోదా. "వందల మందిలో ఒకరిగా" అన్నదే ఇబ్బంది. ఒక్క ప్రశ్న: మీ పాత జట్టులో ఎవరైనా ఇదే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చారా?

సాహితి_వైజాగ్
ఇచ్చారు. నా పక్క సీటు అమ్మాయి. మూడో రౌండులో ఆగిపోయింది. ఆ వందల మందిలో తనూ ఉందన్న సంగతి నాకు ఇంతవరకూ తట్టలేదు.

రమణ_ఖమ్మం
ఇదే సమస్య నాకూ ఉంది. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇవ్వడం లేదు, చివరి నెల జీతం కూడా ఆపింది. లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టి, కంపెనీని ట్యాగ్ చేస్తే దిగివస్తారని స్నేహితులు అంటున్నారు. ఎలా రాయాలి?

నియామకాల_మూర్తి
రమణ గారూ, మీది వేరే చర్చ, విడిగా మొదలుపెడితే వివరంగా మాట్లాడుకుందాం. ప్రస్తుతానికి ఒక్క మాట. బాకీ గురించి హెచ్ఆర్‌కు రాసే ఈమెయిలూ, కొత్త ఉద్యోగం గురించి పెట్టే పోస్టూ ఎప్పుడూ కలవకూడదు. కొత్త సంస్థ మీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కోసం అదే హెచ్ఆర్‌ను అడగవచ్చు. ముందు ఈమెయిల్ మీద ఈమెయిల్ రాసి, ప్రతిదీ దాచిపెట్టుకోండి. లెటర్ చేతికి వచ్చేదాకా రెండు పేర్లూ ఉన్న పోస్టు ఏదీ వద్దు.

వనజ_డల్లాస్
"వినమ్రంగా తలవంచుతున్నాను" గురించి ఎవరూ అనలేదేం? ఇక్కడ అమెరికాలో ఆ మాట వాడినవాళ్లను చూసి నవ్వుతారు. వినయం ఉందని మనమే ప్రకటించుకుంటే ఇక మిగిలేదేముంది! సంతోషంగా ఉంటే సంతోషంగా ఉందని రాయండి, సరిపోతుంది.

ఇంకొకటి, రాయడం కన్నా ఇదే ముఖ్యమేమో. పోస్టు పెట్టాక కొత్త సంస్థ సీఈవో పేరుతో మీకు సందేశం రావచ్చు. "మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయవద్దు, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు" అన్న తరహాలో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకు పెద్దవాళ్లు ఎవరో, ఎలా మాట్లాడతారో తెలియదని మోసగాళ్లు ఇలాంటి పోస్టులను వెతుక్కుంటారు. మా జట్టులో ఒకబ్బాయికి చేరిన వారంలోనే వచ్చింది. అదృష్టవశాత్తూ మేనేజరును అడిగాడు.

సాహితి_వైజాగ్
అమ్మో, ఇది తెలియదు. మొదటి రోజు మెడలో ఐడీ కార్డుతో దిగిన ఫోటో కూడా పెడదామనుకున్నాను.

వనజ_డల్లాస్
ఫోటో పెట్టండి, కార్డు మాత్రం తిప్పేయండి. బార్‌కోడ్, ఉద్యోగి నంబర్ కనబడకూడదు. ఆఫర్ లెటర్ ఫోటో అసలే వద్దు.

నియామకాల_మూర్తి
మళ్లీ రాసే పద్ధతి చెబుతాను. ముందు ఉన్న విషయం: ఎక్కడ, ఏ పనిలో, ఎప్పటి నుంచి. పోస్టులో మొదటి రెండు మూడు వరుసలే పైకి కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ కాస్త చోటులో "ఎట్టకేలకు" లాంటి మాట కూర్చుంటే మీ పాత మేనేజరు అంతవరకే చదివి వెళ్లిపోతారు. కింద మీరు రాసిన కృతజ్ఞతలు ఆయన కంటపడవు.

తర్వాత పాత చోటు. "అందరికీ కృతజ్ఞతలు" అంటే ఎవరికీ చెప్పనట్టే. అక్కడ చేరినప్పుడు మీకు రానిది, బయటికి వచ్చేటప్పటికి వచ్చినది ఒకటి చెప్పండి. ఎవరు నేర్పారో చెప్పండి. అలా రాస్తే మీరు ఎదిగారన్నది చదివేవాళ్లకే తెలుస్తుంది, పాత చోటుకు దక్కవలసినదీ దక్కుతుంది. సాహితి గారూ, మీకు అలాంటిది ఏముంది?

సాహితి_వైజాగ్
చేరినప్పుడు నాకు మాన్యువల్ టెస్టింగ్ తప్ప ఏమీ రాదు. మా లీడ్ రాత్రి రిలీజుల సమయంలో పక్కన కూర్చోబెట్టుకుని సెలీనియం స్క్రిప్టులు రాయించారు. ఒక టెలికాం క్లయింటు బిల్లింగ్ ప్రాజెక్టు అది. మళ్లీ రాశాను, చూడండి:

"గత సోమవారం నుంచి ఫలానా సంస్థలో సీనియర్ టెస్ట్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. చెల్లింపుల యాప్‌కు ఆటోమేషన్ పరీక్షలు రాసే జట్టులో ఉన్నాను. ఇంతకుముందు నాలుగేళ్లు ఫలానా కంపెనీలో ఉన్నాను. అక్కడ చేరిన రోజున నాకు మాన్యువల్ టెస్టింగ్ మాత్రమే తెలుసు. ఒక బిల్లింగ్ ప్రాజెక్టు రాత్రి రిలీజుల్లో, ఇంటికి వెళ్లవలసిన వేళ కూడా పక్కన కూర్చుని స్క్రిప్టులు రాయడం నేర్పిన మా లీడ్ వల్లే ఈ పనికి దరఖాస్తు చేయగలిగాను. కొత్త చోట పేమెంట్ గేట్‌వేల గురించి నేర్చుకోవలసింది చాలా ఉంది. ఆ రంగంలో ఉన్నవాళ్లు ఏం చదవాలో చెబితే సంతోషిస్తాను. మా జట్టులో ఖాళీలున్నాయి, ఆసక్తి ఉన్నవాళ్లు నాకు రాయండి."

చంద్రిక_ఎన్
ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఒక్కటే అనుమానం. "ఇంటికి వెళ్లవలసిన వేళ కూడా" అంటే అక్కడ అర్ధరాత్రి దాకా పని చేయించుకుంటారని చదువుకోరా?

నియామకాల_మూర్తి
బాగా పట్టుకున్నారు. "రాత్రి రిలీజుల్లో పక్కన కూర్చుని" అంటే చాలు. టెలికాం క్లయింటు పేరు రాయకపోవడం మంచిపని. ఆ పేరు బయటపెట్టనని మీరు కాగితం మీద సంతకం చేసి ఉంటే, అది సాధారణంగా ఉద్యోగం మానేసినా చెల్లుతుంది.

చివరి వాక్యం మాత్రం తీసేయండి. మీ పాత ఆఫర్ లెటర్ తీసి చూడండి. మానేశాక కొంతకాలం అక్కడి ఉద్యోగులను వేరే సంస్థకు రమ్మని పిలవకూడదన్న షరతు చాలా కంపెనీలు పెడతాయి. ఈ పోస్టు చదివేవాళ్లలో సగం మంది వాళ్లే కదా. షరతు లేకపోయినా, పైన లీడ్‌కు కృతజ్ఞతలు చెప్పి, కింద ఆయన జట్టును పిలిచినట్టు ఉంటుంది.

శేషు_బెజవాడ
ఇంత తతంగం ఉందని తెలిస్తే నేను ఉద్యోగమే మారను. సరే, ప్రొఫైల్ మార్చినప్పుడు దానంతట అదే ఒక ప్రకటన వెళ్తుంది కదా. అదీ, ఈ పోస్టూ రెండూ వెళ్తే డప్పు రెండుసార్లు కొట్టినట్టు కాదా?

నియామకాల_మూర్తి
శేషు గారి ప్రశ్న మంచిది. ఉద్యోగం వివరాలు చేర్చే చోట `Notify network` అని ఒక మీట ఉంటుంది. దాన్ని ఆపేసి ప్రొఫైల్ మార్చుకోండి. పాత ఉద్యోగానికి ముగింపు నెల వేయడం మరిచిపోవద్దు, లేకపోతే రెండు చోట్లా పనిచేస్తున్నట్టు కనబడుతుంది. ఆ తర్వాత మీ పోస్టు ఒక్కటే వెళ్తుంది.

సాహితి_వైజాగ్
ఆపేశాను. లీడ్‌ను పేరుతో ట్యాగ్ చేయనా?

వనజ_డల్లాస్
చేయండి. పేరు లేని కృతజ్ఞత ఎవరికి అందుతుంది?

నియామకాల_మూర్తి
నాకు సందేహమే. మీరు వెళ్లిపోయినందుకు ఆయన పైవాళ్లకు జవాబు చెప్పుకుంటూ ఉండవచ్చు. "మనిషిని తయారుచేసి బయటికి పంపాడు" అని ఎవరో ఒకరు అంటారు. ముందు ఆయనకు విడిగా సందేశం పంపి అడగండి.

వనజ_డల్లాస్
అడిగితే ఎవరైనా మొహమాటానికి వద్దనే అంటారు. మన దగ్గర అసలు ఇబ్బంది అదే. నేనైతే చెప్పకుండానే ట్యాగ్ చేస్తాను, వద్దనుకుంటే ఆయనే తీసేసుకోవచ్చు.

చంద్రిక_ఎన్
తీసేసుకుంటే అది ఇంకా ఇబ్బంది కదండీ, ఇద్దరికీ.

సాహితి_వైజాగ్
లీడ్‌కు సందేశం పంపాను, ఇంకా చూడలేదు. పక్క సీటు అమ్మాయికి మాత్రం పోస్టు పెట్టకముందే ఫోన్ చేసి చెప్పాను. మూడో రౌండులో తనను ఏం అడిగారో, నన్ను ఏం అడిగారో గంటసేపు మాట్లాడుకున్నాం.

రమణ_ఖమ్మం
మూర్తి గారూ, విడిగా చర్చ మొదలుపెట్టాను. హెచ్ఆర్‌కు రాసిన ఈమెయిళ్ల తేదీలన్నీ అందులో ఉన్నాయి. ఒకసారి చూడండి.