“మన వల్ల” అంటే “మనవళ్ళ” అని రాసింది: చెప్పి రాయించిన మెయిల్ దిద్దేదెట్లా?

బేతంచెర్ల బండలు
మా మామకు నాపరాళ్ళ యార్డు ఉంది. టైపు చేసే ఓపిక లేక మెయిళ్ళన్నీ ఫోన్‌కు నోటితో చెప్పి రాయిస్తాడు. పంపేముందు నేను ఒకసారి చూసి దిద్దుతాను. నిన్న ఆయన చెప్తున్నప్పుడు పక్కనే ఉన్నాను. తెర మీద పడింది ఇది:

“నిన్నటి లోడులో మనవళ్ళ తప్పు జరగలేదు బండలు పగిలింది ఫోన్ దగ్గర ఇరవై వేళ బిల్లు మద్యం లేటు గారికి పంపాము మీకు అందింది”

ఆయన అన్నవి మన వల్ల, డోన్ దగ్గర, అరవై వేల, మద్దిలేటి గారికి, అందిందా. ఒక్క మాట కింద కూడా ఎర్రగీత రాలేదు. నేను పక్కన లేకుంటే ఇది అట్లే పోయేది. ఆయన ఏమన్నాడో వినని మనిషి కూడా ఇట్లాంటివి పట్టుకునే దారి ఏమైనా ఉందా?

ఆదోని అక్క
మనవళ్ళు కాదు తమ్ముడూ, మనుమళ్ళు అని రాయాలి. మనవడు వాడుక మాట. మెయిల్ అంటే కొంచెం పద్ధతిగా ఉండాలి కదా.

బేతంచెర్ల బండలు
అక్కా, ఆ మెయిల్‌లో మనవళ్ళే లేరు! ఆయన అన్నది “మన వల్ల” అని.

ఆదోని అక్క
ఓ, అట్లనా. నేను పిల్లోళ్ళు బండలు పగలగొట్టినారేమో అనుకున్నా.

తాడిపత్రి అబ్బాయి
ఇంత ఆలోచన ఎందుకన్నా? పంపేముందు ఒకసారి గట్టిగా చదివితే చాలు. తప్పున్న చోట నాలుక తడబడుతుంది. నేను ఎప్పుడూ అదే చేస్తా.

కొండారెడ్డి బురుజు
పత్రికలో ప్రూఫులు చూసిన అలవాటుతో చెప్తున్నాను. తాడిపత్రి అబ్బాయి మాట సగం నిజం. “ఇరవై వేళ బిల్లు” అని గట్టిగా చదివి చూడు. నీ నోరు దాన్ని “వేల” అనే పలుకుతుంది, చెవి కూడా అట్లే వింటుంది. వినికిడిలో పుట్టిన తప్పు మళ్ళీ వింటే ఎట్లా దొరుకుతుంది? ల, ళ తేడాలకు, కల కళ అయినచోట, వేల వేళ అయినచోట కన్నే కావాలి. పెదవి కదపకుండా, ఒక్కో మాట మీద ఆగి చూడాలి. గట్టిగా చదవడం పనికొచ్చేది వేరే చోట: వాక్యం ఎక్కడ ఆగిందో తెలియనప్పుడు, చివరి దీర్ఘం పోయినప్పుడు.

ఇక “మన వల్ల” సంగతి. మాట్లాడేటప్పుడు రెండు మాటల మధ్య మనం ఖాళీ ఇవ్వం. ఖాళీ ఎక్కడ పెట్టాలో యంత్రం ఊహించుకుంటుంది. విన్న ధ్వనికి దగ్గరగా ఉన్నవాటిలో, పక్క మాటలతో ఎక్కువగా కలిసి వచ్చేదాన్ని ఎంచుకుంటుంది. అందుకే అది రాసే తప్పు కూడా మంచి తెలుగు మాటే అవుతుంది. చేత్తో టైపు చేసేటప్పుడు వేలు జారితే అర్థంలేని మాట పడుతుంది, ఎర్రగీత వస్తుంది. ఇక్కడ రాదు. ఎర్రగీత కోసం చూసేవాళ్ళు ఈ తప్పులను ఎప్పటికీ పట్టుకోలేరు.

పెన్న ఒడ్డు
కామాలు, ఫుల్‌స్టాపుల గురించి ఎవరూ మాట్లాడలేదు. నన్నడిగితే వాటి కోసం అంత టెన్షన్ అక్కరలేదు. అవి అచ్చుతో పాటు మనకు వచ్చినవి. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది, క్రియ రాగానే చదివేవాడు తనే ఆగుతాడు.

కొండారెడ్డి బురుజు
రాసే తెలుగుకు అది చాలావరకు సరిపోతుంది సార్. నోటి తెలుగు అట్లా ఉండదు. ఆ మెయిలే చూడండి: “బండలు పగిలింది ఫోన్ దగ్గర”. క్రియ ముందు వచ్చింది, చోటు వెనక పడింది. మాట్లాడేటప్పుడు ఇది సహజం, నొక్కి చెప్పాలంటే ఇట్లాగే అంటాం. చుక్క లేకుండా కాగితం మీద పడితే మాత్రం ఆ “దగ్గర” వెనక్కి పోవాలో ముందుకు పోవాలో తెలియదు. ఫోన్‌ను డోన్ చేసి దిద్దినా, “డోన్ దగ్గర అరవై వేల బిల్లు” అని చదివేవాళ్ళు ఉంటారు. అంటే బండలు ఎక్కడ పగిలాయో చెప్పనే లేదు, డోన్‌లో ఒక బిల్లు మాత్రం పుట్టింది.

చుక్క పెడితే సరిపోతుంది. ఇంకా మంచిది క్రియను చివరికి జరపడం: “బండలు డోన్ దగ్గర పగిలాయి.” మీ మామ చెప్పేటప్పుడే అట్లా చెప్తే సగం పని తగ్గుతుంది.

బేతంచెర్ల బండలు
ఆయనకు అది చెప్పడం నా వల్ల కాదు సార్. “కామా” అని నోటితో అనమని ఒకసారి చెప్పి చూశా. ఆయన ఫోన్‌లో “కామా” అనే మాటే పడింది. ఆ రోజు నుంచి నా సలహాలు వినడం మానేశాడు.

“అందిందా” కూడా “అందింది” అయింది కదా, అది?

కొండారెడ్డి బురుజు
అన్నిటికన్నా మెత్తగా దెబ్బకొట్టేది అదే. మనకు ప్రశ్న ఉండేది ఆ చివరి దీర్ఘంలో. మాట చివర గొంతు తగ్గిస్తే అది కాస్తా పోతుంది, అడిగింది చెప్పినట్టు అవుతుంది. “మీకు అందింది” అని మీరే ఒప్పేసుకున్నాక వాళ్ళు జవాబు ఎందుకిస్తారు?

పెన్న ఒడ్డు
అన్నిచోట్లా అంత నష్టం లేదు లెండి. “పంపగలరా” పోయి “పంపగలరు” వస్తే ఆఫీసు ఉత్తరాల్లో అది మర్యాదగా అడిగినట్టే.

కొండారెడ్డి బురుజు
నిజమే, ఆ ఒక్కటి బతికిపోతుంది. అందింది, వచ్చింది, కట్టారు లాంటివి బతకవు.

మైదుకూరు టీచర్
నా బాధ పేర్లతో. మా బడిలో ఓబులేసు అనే పిల్లోడి తండ్రికి మెయిల్ రాయిస్తే “ఓ బుల్లెట్ గారికి” అని వచ్చింది. మన పేర్లన్నీ అహోబిలం ఓబులేసు, మద్దిలేటి నరసింహుడు ఇచ్చినవి. వాటిని ఫోన్‌కు ఎవరు నేర్పాలి? కీబోర్డు సెట్టింగుల్లో సొంత డిక్షనరీ ఉంటుంది, అందులో చేరిస్తే నేర్చుకుంటుందని మా సార్ ఒకాయన చెప్పినాడు.

తాడిపత్రి అబ్బాయి
నేను చేర్చినా మేడమ్. టైపు చేస్తే పేరు పైన చూపిస్తుంది. నోటితో చెప్తే మాత్రం పాత కథే.

మైదుకూరు టీచర్
నా ఫోన్‌లో ఒకటి రెండు పేర్లు ఇప్పుడు సరిగ్గానే వస్తున్నాయి మరి. డిక్షనరీ వల్లనో, వేరే ఎందుకో.

కొండారెడ్డి బురుజు
దాని మీద ఆధారపడకండి. పేరు వచ్చినచోట నోటితో ఏదైనా గుర్తుమాట చెప్పండి, మెయిల్‌లో ఇంకెక్కడా రాని మాట. నేను “గుమ్మడికాయ” అంటాను. యంత్రం దాన్ని తప్పు రాసింది ఇంతవరకు చూడలేదు. తర్వాత గుమ్మడికాయను వెతికి, ఆ మనిషి పాత మెయిల్ కింద సంతకంలో ఉన్న పేరును కాపీ చేసి అక్కడ పెట్టాలి. పేరును మీ జ్ఞాపకంతో దిద్దొద్దు.

ఆదోని అక్క
మరిచిపోయి అట్లే పంపితే? “గుమ్మడికాయ గారికి నమస్కారం”!

కొండారెడ్డి బురుజు
అక్కా, “మద్యం లేటు గారి” కన్నా అది నయమే. కనీసం చూడగానే తప్పని తెలుస్తుంది.

ఇంకొకటి, అందరూ వేల వేళ దగ్గరే ఆగిపోయారు. అసలు ప్రమాదం అరవై ఇరవై కావడం. వేళ అని ఉంటే చదివేవాడు నవ్వుకుని వేల అనుకుంటాడు. ఇరవై అని ఉంటే ఇరవై వేలే కడతాడు. మెయిల్‌ను ఎన్నిసార్లు చదివినా అది దొరకదు. బిల్లు కాగితం పక్కన పెట్టుకుని చూడాలి, అంకెల్లో 60,000 అని రాయాలి. అంకె వేస్తే వేల వేళ గొడవ కూడా పోతుంది. అందుకే నేను ముందు అంకెలు, పేర్లు బయటి కాగితంతో సరిచూస్తాను. తర్వాత చుక్కలు, దీర్ఘాల కోసం గట్టిగా చదువుతాను. ల, ళ చివర్న, కంటితో.

బేతంచెర్ల బండలు
ఇదిగో, దిద్దిన తర్వాత:

“నిన్నటి లోడులో మన వల్ల తప్పు జరగలేదు. బండలు డోన్ దగ్గర పగిలాయి. రూ. 60,000 బిల్లు మద్దిలేటి గారికి పంపాము. మీకు అందిందా?”

పెన్న ఒడ్డు
బాగుంది. కానీ బిల్లు మద్దిలేటికి పంపి, అందిందా అని ఇంకొకరిని అడుగుతున్నారేంది?

బేతంచెర్ల బండలు
అది ఫోన్ తప్పు కాదు సార్. మామనే అడగాల.