అప్‌డేట్: ఫిల్టర్ నీళ్లకి టర్బిడిటీ ఎక్కువ చూపిస్తున్న మీటర్

నా ప్రశ్న: "నెల్లూరులో మా ప్లాంట్ ఫిల్టర్ నీళ్లు కంటికి తేటగానే ఉన్నాయి, మీటర్ మాత్రం టర్బిడిటీ, అంటే నీళ్ల మసక, 2.8 NTU అంటోంది, ఎందుకు?"

అప్‌డేట్: టర్బిడిటీ ముందే తెలిసిన ఫార్మజిన్ స్టాండర్డ్స్‌తో మళ్లీ కాలిబ్రేట్ చేశాం, 20, 100 NTU రెండూ సరిగ్గానే వచ్చాయి కాబట్టి మీటర్‌ది తప్పు కాదు. (స్టాండర్డ్ సీసాని మెల్లగా తలకిందులు చేసి కలపాలి, గిలక్కొడితే బుడగలొస్తాయి.) చల్లటి నీళ్లు కువెట్‌లో, అంటే మీటర్‌లో పెట్టే చిన్న గాజు సీసాలో, వెచ్చబడేకొద్దీ గోడలకి సన్న బుడగలు పట్టాయి, అవీ కాంతిని చెదరగొడతాయి కదా, అందుకే రీడింగ్ ఒకచోట నిలవలేదు. కాసేపు కదపకుండా ఉంచి, బుడగలు పోయాక తడి తుడిచి పెడితే 1.4 దగ్గర ఆగింది. అయినా కువెట్‌ని కొంచెం కొంచెం తిప్పితే 0.9 నుంచి 1.6 దాకా మారుతోంది, అంటే కువెట్ గాజు మీద పడ్డ గీతలే కారణం. సిలికాన్ ఆయిల్ సన్న గీతల్నే కప్పుతుంది, వీటికి చాల్లేదు. కొత్త కువెట్‌లో అవే నీళ్లు 0.6, ఎటు తిప్పినా దాదాపు అంతే.