‘తప్పుపట్టలేం. అయితే...’ : సంపాదకీయంలో రచయిత ఎటువైపు?

సునంద: మా చదువుల బృందంలో రోజూ ఒక సంపాదకీయం తీసుకుని, రచయిత వైఖరి ఏమిటి, దానికి చూపిన ఆధారాలేమిటి అని రాసుకుంటున్నాం. పత్రికల్లో వచ్చింది ఎత్తిపెట్టడం ఇష్టంలేక, అదే ధోరణిలో ఒక పేరా నేనే అల్లాను. చదవండి:

“ఇంగ్లిషు వస్తే ఉద్యోగం వస్తుందన్న తల్లిదండ్రుల ఆశను తప్పుపట్టలేం. ఉన్నవాళ్ల పిల్లలకు దొరికేది పేదపిల్లలకు ఎందుకు దొరకకూడదన్న ప్రశ్నలో న్యాయముంది. అయితే, ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకోవడం పిల్లల హక్కు. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణ చెబుతున్నదిదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం సైతం బోధన మాతృభాషలోనే సాగాలని నిర్దేశించింది. ఇంగ్లిషు మాధ్యమంతోనే పేదల బతుకులు మారిపోతాయని పాలకులు సెలవిస్తున్నారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వకుండా మాధ్యమం మార్చడం ఎవరి మేలు కోసం?”

రచయితది మధ్యేమార్గమని ఒకరు రాశారు. తల్లిదండ్రుల పక్షమని ఇంకొకరు. ‘తప్పుపట్టలేం’ అన్నాక కూడా వ్యతిరేకమని ఎలా అంటామని వాళ్ల వాదన. ఆ మాట బరువెంతో తేల్చండి.

కిరణ్: ఇందులో తేల్చడానికేముందండీ? సంపాదకీయం ఎప్పుడూ చివరి వాక్యం చూసి చదవాలి. ‘ఎవరి మేలు కోసం?’ అంటే ఎవరి మేలూ కాదని. రచయిత ఇంగ్లిషు మాధ్యమానికి వ్యతిరేకం. పోటీపరీక్షలకు నేను ఇలాగే చదివాను, దాదాపు ఎప్పుడూ తప్పలేదు.

భాగ్యలక్ష్మి: ఇంగ్లిషు మీడియం వద్దని రాసేవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ముందు కనుక్కోండి. మా మనవడు తెలుగు బడిలో అయిదు దాకా చదివి, ఆరులో ఇంగ్లిషుకి మారి, ఏడాదంతా లెక్కల పుస్తకం పట్టుకుని ఏడ్చాడు. లెక్కలు రాక కాదు, ప్రశ్న అర్థం కాక. ఈ పేరా రాసినవాళ్లకి ఆ సంగతి తెలుసా?

సునంద: అమ్మా, పేరా నేనే అల్లాను. ఏ మాధ్యమం మంచిదన్నది ఇక్కడి ప్రశ్న కాదు, రాసినాయన ఏమంటున్నాడన్నదే.

భాగ్యలక్ష్మి: సరేనమ్మా. కానీ పిల్లవాడు ప్రశ్న అర్థంకాక ఏడ్చిన సంగతి ఆ పేరాలో ఉండి ఉంటే, రెండు అధికరణలకన్నా నాకు అదే ఎక్కువ పట్టేది.

వెంకటేశ్వర్లు: చాలాకాలం ఒక పత్రిక డెస్కులో సంపాదకీయాలు దిద్దినవాణ్ణి. ‘తప్పుపట్టలేం’, ‘కాదనలేం’, ‘నిజమే’, ‘ఒప్పుకోవాల్సిందే’ లాంటివి పేరా మొదట్లో వస్తే అది రచయిత నిలబడ్డ చోటు కాదు. అవతలివాడి మాటను తనే ముందు చెప్పి, వాడి నోటికి పని లేకుండా చేయడం. ఆ వెంటనే ‘అయితే’ వస్తుంది, అసలు మాట దాని తర్వాత మొదలవుతుంది. పేరాలో ‘అయితే’కు ముందు ఒక్క ఆధారమైనా ఉందేమో చూడండి. లేదు. ఒప్పుకున్న మాటకి ఆధారం వెతికే శ్రమ రచయిత తీసుకోడు. చట్టాలూ అధికరణలూ ఎటు చేరాయో చూస్తే అతనెటో తెలిసిపోతుంది.

కిరణ్ బాబు చెప్పింది సగం సరే. చివరి వాక్యం చూడాలి, కానీ అదొక్కటే చూస్తే ఇక్కడ దారి తప్పుతాం. ‘మాతృభాషలో చదవడం హక్కు’ అన్నది ఒక మాట. ‘శిక్షణ ఇవ్వకుండా మార్చడం తప్పు’ అన్నది వేరే మాట. ఇంగ్లిషు మాధ్యమం కావాలనేవాడు కూడా రెండోదానికి తలూపుతాడు, శిక్షణ ఇచ్చాకే మార్చండి అంటాడు. చివరి వాక్యం రెండోదాన్ని అడుగుతోంది, పేరా నడుమ ఉన్నది మొదటిది. చూపిన ఆధారాలు రెండూ మొదటిదానివే. శిక్షణ ఇవ్వలేదన్న మాటకి ఒక్క ఆధారం లేదు. ఎంతమందికి ఇచ్చారు, ఎన్ని రోజులు ఇచ్చారు, ఎవరు చెప్పారు, ఏదీ లేదు. ప్రశ్న రూపంలో అడిగేసరికి ఆ ఖాళీ కనబడదు.

కిరణ్: అంటే ప్రశ్నార్థకం వెనక ఆధారం ఉండదంటారా?

వెంకటేశ్వర్లు: ఉండొచ్చు. ప్రశ్నను మామూలు వాక్యంగా మార్చి చూడు: ‘ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వలేదు, కాబట్టి మార్పు ఎవరికీ మేలు చేయదు.’ ఇప్పుడు చదువుతుంటే ‘ఎవరు చెప్పారు?’ అని నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ ‘ఎవరు చెప్పారు’కి పేరాలో జవాబుంటే ఆధారం ఉన్నట్టు.

రఫీ: క్రియల దగ్గరా ఒకసారి ఆగాలి. అధికరణ ‘చెబుతున్నది’, చట్టం ‘నిర్దేశించింది’, పాలకులు మాత్రం ‘సెలవిస్తున్నారు’. మా తాతగారు పెద్దవాళ్ల గురించి ‘ఏమని సెలవిచ్చారు’ అని అడిగేవారు, అందులో గౌరవమే ఉండేది. సంపాదకీయంలో అది వెటకారం. ఆ ఒక్క క్రియతో ‘ఇది నేను నమ్మను’ అని చెప్పేశాడు, ఎందుకు నమ్మడో చెప్పకుండానే. ‘మారతాయట’ అన్నా ఇంతే.

భాగ్యలక్ష్మి: ‘పాలకులు’ కూడా చూడండి. మా ఇంటికొచ్చే పత్రిక తనకి నచ్చిన పార్టీ గద్దె మీదుంటే ‘ప్రభుత్వం’ అంటుంది, నచ్చనిది వస్తే ‘పాలకులు’, ‘ఏలినవారు’ అంటుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా.

రఫీ: ‘ఏలినవారు’ వరకూ ఒప్పుకుంటా. ‘పాలకులు’ అన్ని పత్రికలూ అన్ని కాలాల్లోనూ వాడతాయనుకుంటా. ‘సర్కారు’ అంటే వెటకారమని కొందరంటారు, మా తెలంగాణలో అది మామూలు మాట. పైగా శీర్షికలో చోటు కలిసొస్తుంది. ఒక్క నామవాచకం పట్టుకుని వైఖరి తేల్చడం నాకు నచ్చదు.

భాగ్యలక్ష్మి: ఒక్కదాన్ని పట్టుకుని కాదు బాబూ. ఒకే పత్రిక, గద్దె మారకముందూ మారాకా, రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

సునంద: ఇది బాగుంది, కానీ రెండు ప్రభుత్వాల కాలం నాటి పత్రికలు ముందుండాలి. ఒక్క పేరా చేతికిస్తే కుదరదు. ఆధారాల సంగతికి వద్దాం. ‘రెండు ఆధారాలు: 350-ఏ, విద్యాహక్కు చట్టం’ అని రాస్తే సరిపోతుందా?

వెంకటేశ్వర్లు: లెక్కకు సరిపోతుంది. అవి ఆ మాటను మోస్తున్నాయా అంటే వేరే సంగతి. 350-ఏ అధికరణ 1956లో ఏడో సవరణతో వచ్చింది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలంటుంది, కానీ ఎవరికి? భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు. తెలుగు రాష్ట్రంలో ఒడియా మాట్లాడే పిల్లవాడికి, ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి అది వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రంలోని తెలుగు పిల్లవాణ్ణి ఉద్దేశించి రాసింది కాదు. పేరాలో ‘పిల్లల హక్కు’ అని అందరికీ కలిపి చెప్పి, కొందరికోసం ఉన్న అధికరణను కింద పెట్టారు. ఆధారం నిజమైనదే, మాటే దానికన్నా వెడల్పైనది.

రెండోది ఇంకా సన్నంగా ఉంది. చట్టంలో 29(2)(ఎఫ్) ఉంది, బోధనా మాధ్యమం పిల్లల మాతృభాష కావాలనే అంటుంది, కానీ ‘ఆచరణసాధ్యమైనంత వరకు’ అనే షరతుతో. పేరాలో ఆ షరతు ఎగిరిపోయి, దాని చోట ‘లోనే’ వచ్చి కూర్చుంది. సునందమ్మా, కావాలని చేశావా?

సునంద: షరతు తీసేయడం కావాలనే. మావాళ్లు పట్టుకుంటారేమోనని. 350-ఏ సంగతి మాత్రం నాకిప్పుడే తెలిసింది.

రఫీ: ఆ సెక్షన్‌ని మరీ తేలిక చేయొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇచ్చిన ఇంగ్లిషు మాధ్యమం జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినప్పుడు ఆ సెక్షన్ కూడా లెక్కలోకి వచ్చింది. షరతు ఉన్నంతమాత్రాన చట్టం పనికిరాకుండా పోదు.

వెంకటేశ్వర్లు: పనికిరాదనలేదు రఫీ గారూ. షరతుతో కలిపి రాసి, ఆ తీర్పును పక్కన పెట్టి ఉంటే పేరా ఇంకా గట్టిగా ఉండేది. ఉన్న బలాన్ని వదిలి, లేని బలం తెచ్చుకున్నారు. ఇంకో సంగతి, రచయిత చెప్పనిది కూడా చూడాలి. మాతృభాషా మాధ్యమాన్ని ప్రైవేటు బడుల మీద రాష్ట్రం బలవంతంగా రుద్దకూడదని 2014 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులో చెప్పింది. ఇక్కడ గొడవ ప్రభుత్వ బడుల గురించి కాబట్టి అది నేరుగా అడ్డురాదు. అయినా ‘ఉన్నవాళ్ల పిల్లలకు దొరికేది’ అని పేరాయే ప్రైవేటు బడుల్ని లోపలికి తెచ్చింది. తెచ్చాక ఆ తీర్పును తప్పించుకుపోవడం కుదరదు.

కిరణ్: పరీక్షలో చేతిలో పేరా తప్ప ఏమీ ఉండదు. 350-ఏలో ఏముందో చూసేందుకు వీలుండదు. అప్పుడెలా?

వెంకటేశ్వర్లు: అప్పుడు వైఖరి రాయి, ఆధారాలు రాయి, ఆధారం దేన్ని మోస్తోందో రాయి. ‘శిక్షణ గురించిన మాటకు ఆధారం చూపలేదు’ అన్నది పేరా చూసే చెప్పొచ్చు. చట్టం సరిగా చెప్పాడో లేదో పేరా లోపలినుంచి తెలియదు, దాని జోలికి పోవద్దు.

రఫీ: ఒక చిన్న తకరారు. ‘కాదనలేం’ వస్తే అవతలివాడి మాట అన్నారు కదా. ‘కాదనలేని నిజం’ అని వస్తే? ‘మాతృభాషలో చదివినవాళ్లే బాగా ఆలోచిస్తారన్నది కాదనలేని నిజం’ అని ఎన్నిచోట్ల చదివామో. అక్కడ అది రచయిత సొంత మాటే, ‘అయితే’ కూడా రాదు.

వెంకటేశ్వర్లు: మంచిమాట పట్టారు. క్రియగా ఉంటే ఒప్పుకోలు, విశేషణంగా మారితే దబాయింపు. డెస్కులో ‘కాదనలేని’, ‘జగమెరిగిన’, ‘వేరే చెప్పనక్కర్లేదు’ కనబడితే పక్కన పెన్సిలుతో సున్నా చుట్టేవాణ్ణి. ఆధారం ఉండాల్సిన చోట వచ్చి కూర్చునే మాటలవి.

భాగ్యలక్ష్మి: నిజంగా అందరికీ తెలిసిన సంగతులకీ అలాగే రాస్తారు కదండీ. ఎండాకాలంలో నీళ్లకి కటకట అని రాయడానికీ లెక్కలు చూపాలా?

వెంకటేశ్వర్లు: అక్కర్లేదమ్మా. కానీ మాతృభాషలో చదివితేనే బాగా ఆలోచిస్తారన్నది అలాంటి సంగతేనా?

భాగ్యలక్ష్మి: నాకైతే అలాంటిదే. మా మనవణ్ణి చూశాను కదా.

సునంద: మా జవాబు ఇలా రాసుకున్నాను, చూడండి: ‘ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన ఉండాలన్నది రచయిత వైఖరి. తల్లిదండ్రుల ఆశ న్యాయమైనదని ఒప్పుకున్నా ఆ పక్షాన నిలబడలేదు. వైఖరికి ఒక అధికరణను, ఒక చట్టాన్ని ఆధారంగా చూపారు. శిక్షణ లేకుండా మార్చారన్న అభియోగానికి ఆధారం చూపలేదు.’

కిరణ్: ‘అభియోగం’ అన్నారేం? అది వైఖరిలో భాగం కాదా? నా దృష్టిలో రచయిత వైఖరి ఆ చివరి వాక్యమే, ముందున్నదంతా దానికి దారి.

రఫీ: అలా అయితే ఆధారమే లేని వైఖరి అవుతుంది కిరణ్ గారూ, 350-ఏ కి అక్కడ పనే ఉండదు.

కిరణ్: ఆధారం లేకుండా సంపాదకీయాలు రావంటారా?