ఇంట్లో ఫైబర్ పోతే ల్యాప్‌టాప్‌కి ఫోన్ నెట్: వైరుతోనా, బ్లూటూత్‌తోనా?

పర్లాకిమిడి కోడలు:
రోడ్డు పనుల్లో మా వీధి ఫైబర్ తెగింది, నాలుగు రోజులు పడుతుందట. నాది విశాఖ కంపెనీకి ఇంటి నుంచి పని. ఉదయం గంట వీడియో మీటింగ్, తర్వాత రిమోట్ డెస్క్‌టాప్, మెయిల్స్. సిమ్‌లో రోజుకి 2 జీబీ. సాయంత్రం కరెంటు కూడా పోతోంది. తమ్ముడు యూఎస్‌బీ కేబుల్ పెట్టమంటాడు. ఆఫీసులో ఒకాయన బ్లూటూత్ పెట్టు, డేటా తక్కువ తింటుంది అంటున్నారు. మా ఇంట్లో సిగ్నల్ కిటికీ దగ్గరే బాగుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్. ఏది పెట్టుకోవాలి?

గుణుపురం మాస్టారు:
బ్లూటూత్ పెట్టమ్మా. నేను ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేటప్పుడు నెట్ పోతే అదే వాడతాను. వైరు పెడితే మధ్యాహ్నం కాకముందే 2 జీబీ అయిపోయిందని మెసేజ్ వస్తుంది. బ్లూటూత్‌లో సాయంత్రం దాకా వస్తుంది. పైగా ఫోన్ కిటికీలో పెట్టి, నువ్వు ఫ్యాన్ కింద కూర్చోవచ్చు.

రాయగడ సిస్టమ్స్:
మాస్టారూ, మీరు చూసింది నిజమే, కానీ కారణం అది కాదు. ఒక మెయిల్‌కి ఏ దారిలోనైనా అంతే డేటా ఖర్చవుతుంది. తేడా వచ్చేది మీరు అడగకుండా విండోస్ వెనక తెచ్చుకునే దానిలో. యూఎస్‌బీ పెట్టగానే ఫోన్ ల్యాప్‌టాప్‌కి ఒక ఈథర్‌నెట్ కార్డులా కనిపిస్తుంది. ఈథర్‌నెట్ అంటే లెక్కలేని ఇంటి నెట్ అనుకుని విండోస్ అప్‌డేట్లు, క్లౌడ్ ఫోల్డర్ సింక్ అన్నీ మొదలుపెడుతుంది. ఫోన్‌కి సెకనుకి 25 మెగాబిట్లు వస్తున్నాయనుకోండి, ఒక పెద్ద అప్‌డేట్ పదకొండు నిమిషాల్లోపే 2 జీబీ మింగేయగలదు. బ్లూటూత్‌లో వాస్తవంగా వచ్చేది ఒకటి, ఒకటిన్నర మెగాబిట్లు. అదే 2 జీబీకి మూడు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. మీకు ఆదా అయినట్టు కనిపించింది దారి సన్నగా ఉండబట్టే.

కాబట్టి కోడలు గారూ, వైరు పెట్టి, ముందు ఆ వెనక దారి మూయండి. ల్యాప్‌టాప్‌లో Settings, అందులో Network & internet, అందులో Ethernet. అక్కడ Metered connection ఆన్ చేయండి. ఫోన్ కలిపి ఉన్నప్పుడే ఇది కనిపిస్తుంది. తర్వాత Windows Update పేజీలో ఒక వారం Pause కూడా నొక్కండి. క్లౌడ్ ఫోల్డర్ ఉంటే దాని సింక్ విడిగా ఆపండి.

గుణుపురం మాస్టారు:
కారణం ఏదైనా నాకు సాయంత్రం దాకా డేటా మిగిలింది కదా. సెట్టింగులు తెలియని వాళ్లకి సన్నదారే కాపలా. ఇందులో తప్పేముంది?

రాయగడ సిస్టమ్స్:
తప్పు లేదు మాస్టారూ, కానీ ఆమె ఉదయం మీటింగ్ దానిలో దూరాలి. మామూలు వీడియో కాల్‌కి వెళ్లేటప్పుడు సుమారు 600 కిలోబిట్లు, వచ్చేటప్పుడు మరో 600 కావాలి. బ్లూటూత్‌లో రెండు వైపులకీ ఒకే గాలి, వంతులు వేసుకోవాలి. అంటే మీటింగ్ ఒక్కటే దాదాపు మొత్తం నింపేస్తుంది. దానిమీద రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే మాట తెగుతుంది. చెవిలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా అదే ల్యాప్‌టాప్‌కి కలిపి ఉంటే ఇంకా కష్టం, అదీ ఆ గాలిలోనే వంతు అడుగుతుంది. కెమెరా ఆపి మాట మాత్రమే అయితే బ్లూటూత్ హాయిగా సరిపోతుంది.

డేటా లెక్క కూడా చూసుకోండి. రెండు వైపులా కలిపి గంట వీడియోకి అర జీబీకి పైనే అవుతుంది. కెమెరాలు ఆపేస్తే వంద ఎంబీ లోపే. 2 జీబీలో ఇదే పెద్ద ఖర్చు.

సిరోంచ కుర్రాడు:
మీకు కనీసం కిటికీ దగ్గరైనా సిగ్నల్ ఉంది. మాది గడ్చిరోలి జిల్లా, గోదావరి ఒడ్డు. వానాకాలం ఒక్కోసారి ఫోన్‌లోనే నెట్ ఉండదు, ఇక ల్యాప్‌టాప్‌కి ఏం పంచుతాం? రెండు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి. అదే అసలు జవాబు. ఇంకో మాట, వైఫై హాట్‌స్పాట్ గురించి ఎవరూ చెప్పరేంటి? నేను అదే వాడతా, స్పీడు బాగుంటుంది.

పర్లాకిమిడి కోడలు:
తమ్ముడూ, హాట్‌స్పాట్ పెడితే నా ఫోన్ కాలిపోతోంది, బ్యాటరీ రెండు గంటల్లో అయిపోతోంది. అందుకే ఈ రెండిటిలో ఏది అని అడిగాను.

రాయగడ అన్నా, కేబుల్ పెట్టాను. ఫోన్ చార్జ్ అవుతోంది కానీ USB tethering బటన్ నొక్కడానికి రావట్లేదు, బూడిద రంగులో ఉంది.

రాయగడ సిస్టమ్స్:
ఆ కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది అయ్యుంటుంది. లోపల డేటా తీగలు ఉండవు. ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ వెతికి పెట్టండి. అది పెట్టి USB tethering ఆన్ చేయగానే ల్యాప్‌టాప్‌లో కొత్త నెట్‌వర్క్ కనిపిస్తుంది, చాలా ఫోన్లకి దాని పేరు Remote NDIS based Internet Sharing Device అని ఉంటుంది. కేబుల్ కాస్త కదిలి ఊడితే టెథరింగ్ ఆగిపోతుంది, మళ్లీ ఆన్ చేయాలి. మీటింగ్ మధ్యలో ఈ టెన్షన్ వద్దనుకుంటే ఫోన్ Developer options లో Default USB configuration ని USB tethering కి మార్చుకోండి.

పర్లాకిమిడి కోడలు:
వేరే కేబుల్‌తో వచ్చింది, Metered కూడా ఆన్ చేశాను. కానీ కేబుల్ మీటరు పొడవే. ఫోన్ బల్ల మీదకి వచ్చేసరికి స్పీడు పడిపోయింది. బ్లూటూత్ కూడా కలిపి చూశాను. కనెక్ట్ అయిందని చూపిస్తోంది కానీ ఏ పేజీ తెరుచుకోదు. ఫోన్‌లో మాత్రం నెట్ బాగానే ఉంది.

రాయగడ సిస్టమ్స్:
ఇది చాలామందికి వచ్చేదే. మీ ఇంట్లో రౌటర్‌కి కరెంటు ఉంది, ల్యాప్‌టాప్ ఇంకా ఆ వైఫైకి కలిపే ఉంది, కదా? ఫైబర్ తెగినా వైఫై మాత్రం వస్తూనే ఉంటుంది. రెండు దారులు ఉంటే విండోస్ మామూలుగా వేగం ఎక్కువని చూపించే దాన్నే ఎంచుకుంటుంది. వైఫై ముందు బ్లూటూత్ ఎప్పుడూ వెనకే. అందుకే మీ పేజీలన్నీ ఆ చచ్చిన రౌటర్‌కే వెళ్తున్నాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
tracert -d -h 2 8.8.8.8
```

మొదటి వరుసలో మీ ఇంటి రౌటర్ అడ్రస్ వస్తే, అంటే 192.168.1.1 లాంటిది, అనుమానం తీరినట్టే. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. ఫోన్‌లో కూడా ఆపండి, లేకపోతే ఫోన్ తనకి దొరికిన ఇంటి వైఫైనే పంచబోతుంది.

సిగ్నల్ సంగతికి, మూడు మీటర్ల డేటా కేబుల్ కొనండి. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్ ఐదు మీటర్ల దాకా పనిచేస్తుంది. ఫోన్ కిటికీలో ఉంటుంది, వేగమూ పోదు. ఫోన్ సెట్టింగుల్లో SIM status లో Signal strength చూడండి. బల్ల దగ్గర -115 ఉండి కిటికీలో -95 వస్తే ఆ రెండు మీటర్లకి ఎంత విలువో మీకే తెలుస్తుంది. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ మంచిది.

గుణుపురం మాస్టారు:
కరెంటు పోయిన తర్వాత సంగతి ఎవరూ చెప్పలేదు. కేబుల్ పెడితే ఫోన్ ల్యాప్‌టాప్ బ్యాటరీని తాగుతుంది. బ్లూటూత్‌కి ఆ బాధ లేదు.

రాయగడ సిస్టమ్స్:
ఇక్కడ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ల్యాప్‌టాప్ బ్యాటరీ 42 వాట్ అవర్ అనుకుందాం, పని చేస్తుంటే పది వాట్లు లాగుతుంది అనుకుందాం. నాలుగు గంటలకి కాస్త పైన వస్తుంది. మామూలు యూఎస్‌బీ పోర్టు ఫోన్‌కి రెండున్నర వాట్ల దాకా ఇస్తుంది, అప్పుడు మూడు గంటల ఇరవై నిమిషాలు. నీలం రంగు పోర్టు అయితే నాలుగున్నర వాట్ల దాకా ఇవ్వగలదు, ఇంకా తగ్గుతుంది. అందుకే కరెంటు ఉన్నప్పుడే ఫోన్ నిండుగా చార్జ్ చేసి పెట్టుకోండి. నిండిన ఫోన్ ల్యాప్‌టాప్ నుంచి తక్కువే లాగుతుంది.

సాయంత్రం మీటింగ్ లేకుండా మెయిల్స్, చిన్న రిమోట్ పని మాత్రమే ఉంటే నేనైనా బ్లూటూత్‌కే మారతాను. ఫోన్‌కి పవర్ బ్యాంక్ పెట్టి కిటికీలో వదిలేస్తాను. వీడియో ఉంటే మాత్రం బ్యాటరీ పోయినా వైరే.

జయపురం మొబైల్ షాపు:
షాపులో నేను చూసేది వేరు. రోజంతా కేబుల్‌కి తగిలించి, నెట్ వాడుతూ ఉన్న ఫోన్లు ఏడాదికల్లా బ్యాటరీ ఉబ్బి వస్తున్నాయి. నాలుగు రోజులకి ఏమీ కాదు. నెలల తరబడి అలా వాడేవాళ్లు బ్లూటూత్, పవర్ బ్యాంక్ మేలు.

రాయగడ సిస్టమ్స్:
పవర్ బ్యాంక్ పెట్టినా ఫోన్ చార్జింగ్‌లో ఉన్నట్టే కదా అన్నా. వేడి ఎక్కడినుంచి వస్తోందో చూడాలి, బలహీన సిగ్నల్‌తో రేడియో కష్టపడినా ఫోన్ వేడెక్కుతుంది. కేబుల్ వల్లే అని నేను ఒప్పుకోలేను.

జయపురం మొబైల్ షాపు:
బల్ల మీదకి వచ్చినవి చూసి చెబుతున్నా. మీ లెక్క మీది.

పర్లాకిమిడి కోడలు:
వైఫై రెండు చోట్లా ఆపాక బ్లూటూత్‌లో పేజీలు తెరుచుకున్నాయి. మూడు మీటర్ల కేబుల్ బజార్లో దొరికింది, వీడియో కూడా ఆగకుండా నడిచింది. సాయంత్రానికి మాస్టారి పద్ధతే పెట్టుకున్నాను. కానీ ఇంకోటి. నా సిమ్ పాతపట్నంలో తీసుకున్నది. కిటికీ వైపు తిప్పి పెడితే ఫోన్ మీద అప్పుడప్పుడు R అని వస్తుంది, అదే సమయంలో నెట్ ఆగిపోతుంది. కేబుల్‌తోనూ అంతే, బ్లూటూత్‌తోనూ అంతే.

రాయగడ సిస్టమ్స్:
అది టెథరింగ్ లోపం కాదమ్మా. మీరు ఉన్నది ఒడిశా సర్కిల్, సిమ్ ఆంధ్ర సర్కిల్‌ది, పాతపట్నం వైపు టవర్ కూడా మీకు అందుతోంది. ఫోన్ అటూ ఇటూ మారినప్పుడు, కొన్ని ఫోన్లలో Data roaming ఆఫ్‌లో ఉంటే డేటా ఆగిపోతుంది. సిమ్ సెట్టింగుల్లో అది ఆన్ చేయండి. దేశం లోపలే కాబట్టి మీ ప్యాక్ డేటానే వాడుతుంది.

పర్లాకిమిడి కోడలు:
ఆన్ చేశాను. R వచ్చినా ఇప్పుడు పూర్తిగా ఆగట్లేదు, కానీ మారే క్షణంలో రిమోట్ డెస్క్‌టాప్ తెగి మళ్లీ కలుపుకుంటోంది. ఫోన్‌ని ఒకే టవర్‌కి కట్టేసే దారి ఏదైనా ఉందా?

సిరోంచ కుర్రాడు:
మాకూ ఇదే గొడవ, నదికి అటు తెలంగాణ టవర్, ఇటు మహారాష్ట్ర టవర్. నేను Mobile network లో నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి తీసేసి చేత్తో ఎంచుకుంటాను. కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. లిస్టులో ఒకే కంపెనీ పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఏది ఏ ఒడ్డుదో ఒకటి పెట్టి చూస్తే గానీ తెలియదు. ఎంచుకున్నది అందకపోతే కాల్స్ కూడా రావు, అది గుర్తుంచుకో అక్కా. ఇంకా మంచి దారి తెలిసినవాళ్లు చెప్పండి.