అప్‌డేట్: కలంకారీ శ్రీనివాసుడి పటానికి కొత్త వివరణ

అప్పుడు మేము అడిగిన ప్రశ్న: "తిరుపతిలో మాది చిన్న షాపు. శ్రీకాళహస్తి కలంకారీ పటాలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. దూరాన ఉన్నవాళ్ళకు భక్తీ, చేతిపనీ రెండూ అందేలా వివరణ ఎలా రాయాలి?"

అప్‌డేట్: "దివ్యమైన", "అపురూపమైన" లాంటి మాటలన్నీ తీసేశాం. శ్రీకాళహస్తిలో మాకు పటాలు వేసే ఆయన దగ్గర కూర్చుని, ఆయన చెప్పిందే రాశాం. ఇప్పుడు ఇలా ఉంది:

"వెదురు కలంతో చేత్తో గీసిన శ్రీనివాసుడు. పై చేతుల్లో శంఖచక్రాలు. కింది కుడిచెయ్యి తన పాదాలే శరణమని చూపిస్తుంది, ఎడమచెయ్యి నడుము మీద ఉంటుంది. నల్ల గీతలు బెల్లం, ఇనుప ముక్కలు నీళ్ళలో పులియబెట్టి తీసిన కసిమితో వేసినవి. రంగు పాకకుండా బట్టను ముందే కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. అందుకే కొత్తలో కాస్త పాలవాసన ఉంటుంది. నీడలో గాలికి ఆరేస్తే తగ్గుతుంది."

ఆ వాసన మాట చాలా ముఖ్యం. ఇంతకుముందు అమెరికా నుంచి ఒకావిడ, బట్ట పాడైందేమో అని టెన్షన్‌తో ఫోన్ చేశారు. కారణం ముందే తెలిస్తే అదే వాసన చేతిపనికి గుర్తవుతుంది.

ఫోటోల్లో వెనకవైపు కూడా పెట్టాం. కలంతో వేసిన రంగు బట్టలోకి ఇంకుతుంది, స్క్రీన్ ప్రింట్ చాలావరకు పైనే ఉండిపోతుంది. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉన్నదీ దగ్గర నుంచి తీసి చూపించాం.

"స్వామి పాదాల దగ్గర పెట్టినది" అని రాయమని కొందరన్నారు. మేము పెట్టించలేదు కాబట్టి రాయలేదు. భక్తితో కొనేవాళ్ళకు అబద్ధం చెప్పలేం.